హార్ట్స్‌లో ఏ మూడు ముక్కలు పాస్ చేయాలి, మూన్‌కి ఎప్పుడు తెగించాలి?

ప్రశ్న: "నలుగురం హార్ట్స్ ఆడుతుంటాం. పెద్ద ముక్కలన్నీ పాస్ చేసేస్తున్నా 13 పాయింట్ల ఇస్పేటు రాణి తిరిగి తిరిగి నాకే చుట్టుకుంటోంది. మొన్న ఇస్పేటులో ఆసు, రాణి, 8, 4 పడితే రాణిని ఎడమ పక్కాయనకి ఇచ్చేశాను. రెండో పట్టులోనే నా ఆసు మీద దాన్ని తెచ్చి పడేశాడు. పోనీ ఆఠీన్లన్నీ, ఆ రాణీ కలిపి 26 పాయింట్లూ నేనే తిని మూన్ కొడదామంటే ప్రతిసారీ 20, 24 మీద వేసుకుని ఆగిపోతున్నాను. మూన్‌కి వెళ్ళొచ్చని ముక్కలు చూడగానే ఎలా తెలుస్తుంది?"

ముందు ఆ ఇస్పేటు చేతి సంగతి చూద్దాం. మీ పాసింగ్‌లో ఉన్న అసలు పొరపాటు అందులోనే ఉంది.

ఇస్పేటు ఆసు, రాజు భయపెట్టేది రాణి వేరే వాళ్ళ దగ్గర ఉన్నప్పుడే. రాణి మీ చేతిలోనే ఉంటే మీ ఆసు మీద దాన్ని వేసేవాడు ఎవడూ లేడు. ఎవరైనా ఇస్పేటు ఆడితే మీ 4 వేస్తారు, తర్వాత 8 వేస్తారు, మూడోసారి హాయిగా ఆసు వేసి పట్టు తీసుకుంటారు. అంటే రాణికి మూడు కాపలా ముక్కలు ఉన్నట్టు లెక్క. మీ నాలుగు పోను బయట ఉన్నవి తొమ్మిది ఇస్పేట్లు, మిగతా ముగ్గురి దగ్గరా ఉంటాయి. మూడుసార్లు ఇస్పేటు తిరిగేసరికి అవి దాదాపు ఖాళీ. ఆ తర్వాత మీ దగ్గర లేని రంగు పట్టు ఒకటి చూసుకుని రాణిని ఎవరి నెత్తినో పెట్టొచ్చు. మీరేమో రాణిని పంపించేసి ఆసుని ఉంచుకున్నారు. అప్పటిదాకా ఏ హానీ చేయని ఆసుని మీ చేత్తో మీరే ప్రమాదంలోకి నెట్టారన్నమాట. పైగా పంపింది ఎడమ పక్కకి. ఆయన ఆట మీ తర్వాత కదా, మీరు ఆసు వేశాక తీరిగ్గా చూసి రాణి వేస్తాడు. అదే కుడి పక్కకి పాస్ చేసే పంపకం అయ్యుంటే, చాలా పట్టుల్లో ఆయన మీకంటే ముందు వేయాలి కాబట్టి కొంచెం నయం.

నేను పాటించే లెక్క ఇది. రాణితో పాటు ఇంకో మూడు ఇస్పేట్లు ఉంటే రాణిని కదపను. రెండే ఉంటే పంపిస్తాను, ఆసు గానీ రాజు గానీ ఉంటే వాటినీ దాంతోపాటే పంపిస్తాను. రాణి నా దగ్గర లేకుండా జాకీ, 9, 5 లాంటి చిన్న ఇస్పేట్లు ఉంటే వాటిని ఎప్పుడూ పాస్ చేయను. పాస్‌లో రాణి నాకు వచ్చి పడితే దానికి కాపలా అవే.

పెద్ద ముక్క కనపడగానే పాస్ చేయడం ఇంకో అలవాటు. కళావర్ ఆసు కోసం పాస్‌లో ఒక ముక్క వృథా చేస్తారు చాలామంది. కళావర్ రెండుతో మొదలయ్యే మొదటి పట్టులో ఆఠీన్లు గానీ ఇస్పేటు రాణి గానీ వేయకూడదనేది మామూలు నియమం. కాబట్టి కళావర్ ఆసు ఆ పట్టులో పైసా ఖర్చు లేకుండా వదిలిపోతుంది. ఆ చోటుని ఒక డైమన్ పంపించి ఆ రంగు ఖాళీ చేసుకోవడానికి వాడుకోవడం మేలు.

మూడోది మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆఠీన్ ఆసు, రాజు, రాణి మూడూ చేతికొస్తే భయపడి మూడూ ఒకే మనిషికి పంపేస్తుంటారు. అది వాడికి మూన్‌ని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే. అందులో ఒక పెద్ద ఆఠీన్ మీరు దగ్గర పెట్టుకోండి. అదొక్కటి ఉంటే వాడి మూన్ మీ దగ్గర ఆగుతుంది.

ఇక మూన్ సంగతి. చేతిలో ఎన్ని ఆసులు, రాజులు ఉన్నాయో లెక్కపెట్టుకుని దిగేవాళ్ళు మీలాగే 24 దగ్గర ఆగిపోతారు. లెక్కపెట్టాల్సింది గెలిచే ముక్కల్ని కాదు, ఓడే ముక్కల్ని. ఆటలో ఒక చోటు నుంచి చివరిదాకా మీరు వేసే ప్రతి ముక్కా గెలుస్తుందనుకోండి. అప్పుడు మిగతా ముగ్గురూ చేతిలో ఉన్నదంతా మీ పట్టుల్లోనే పోయాలి, ఇంకో దారి లేదు. ఆఠీన్ రాణి ఎవరి దగ్గర ఉంది, 10 ఎవరి దగ్గర ఉంది అన్న దిగులే అక్కర్లేదు. మీరు ఒక్కసారి కూడా పట్టు వదలకపోతే ఆ ముక్కలకి గెలిచే అవకాశమే రాదు. అందుకే ఆఠీన్లు మూడే ఉన్నా మూన్ కొట్టొచ్చు. ఆరు ఆఠీన్లు ఉండి, పక్కన దిక్కులేని కళావర్ 7, డైమన్ 5 ఉంటే మాత్రం కొట్టలేకపోవచ్చు.

పాస్ చేయకముందు ఓడే ముక్కలు ఎన్నో చూడండి. మూడు పాస్‌లో పోతాయి. ఒక కళావర్ మొదటి పట్టులో పాయింట్లు లేకుండా పోతుంది. అంటే నాలుగు వరకు సర్దుకోవచ్చు. ఐదు, ఆరు ఉంటే ఆ ఆలోచన వదిలేసి మామూలుగా ఆడుకోండి.

ఈ మధ్య నాకు పడ్డ చేతిని పట్టు పట్టుకీ చెబుతాను. డైమన్ ఆసు, రాజు, రాణి, 10, 8, 7. ఆఠీన్ ఆసు, రాజు, 9. ఇస్పేటు ఆసు, 7. కళావర్ రాజు, 4. ఎడమకి పాస్ చేయాల్సిన పంపకం.

ఓడే ముక్కలు ఆఠీన్ 9, ఇస్పేటు 7, కళావర్ రాజు, కళావర్ 4. సరిగ్గా నాలుగు. డైమన్ 10, 8, 7 చిన్నవే అయినా వాటిని ఓడేవాటిలో వేయలేదు. బయట ఉన్న డైమన్లు ఏడే. ముగ్గురికీ మూడు, రెండు, రెండుగా పడితే నా ఆసు, రాజు, రాణి తిరిగేసరికి జాకీతో సహా అన్నీ రాలిపోతాయి, ఆ తర్వాత 7 కూడా పెద్ద ముక్కే. పొడవైన రంగు ఉంటే చిన్న ముక్కలు కూడా ఆసులవుతాయి. అదే ఆఠీన్ 9 సంగతి చూస్తే బయట పది ఆఠీన్లు ఉన్నాయి, 9 నిలబడే మార్గమే లేదు. ఆఠీన్ 9, ఇస్పేటు 7, కళావర్ 4 పంపాను. కళావర్ రాజుని మొదటి పట్టు చూసుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మూన్‌కి వెళ్ళేవాడు చిన్న ముక్కలు పాస్ చేస్తాడు, అవి అందుకున్నవాడికి ముక్కుకి వాసన తగులుతుంది. రెండు, మూడు, నాలుగు పంపితే ఎవడైనా కళ్ళు తెరుస్తాడు. 9, 7, 4 అంత అనుమానంగా కనపడవు. పాస్ లేని నాలుగో పంపకంలో మూన్ కొట్టడం తేలికనేది అందుకే. అప్పుడు ఎవరికీ ముందస్తు కబురు అందదు.

కుడి పక్కాయన నుంచి నాకు వచ్చినవి ఇస్పేటు రాణి, కళావర్ రాణి, ఆఠీన్ జాకీ. అందరూ పెద్దవే పంపుతారు కాబట్టి మూన్ ఆలోచన ఉన్నవాడికి పాస్ సాధారణంగా మేలే చేస్తుంది, కానీ కొత్త ఓడే ముక్కల్ని కూడా తెస్తుంది. ఇప్పుడు నా బెంగ మూడింటి మీద. ఇస్పేటు రాణి మీద రాజు ఎక్కడో ఉంది. ఆఠీన్ జాకీ మీద రాణి ఎక్కడో ఉంది. రెండు పెద్ద కళావర్లలో ఒకటి మొదటి పట్టులో పోయినా, ఆసు బయటికి రాకపోతే రెండోది అనుమానమే.

ఎదుటాయన కళావర్ రెండుతో మొదలెట్టాడు, కుడి ఆయన 10 వేశాడు, నేను రాణి వేశాను, ఎడమాయన ఆసు వదిలించుకున్నాడు. నా రాజు పెద్ద ముక్క అయిపోయింది, ఒక బెంగ తీరింది. రెండో పట్టుకి ఎడమాయన ఇస్పేటు 7 ఆడాడు, నేను పంపిందే. రాణిని బయటికి లాగడానికి అందరూ చేసే పనే అది. ఎదుటాయన జాకీ, కుడి ఆయన 9. చివరి ఆట నాది.

ఇక్కడ నిర్ణయం తీసుకోవాలి. ఆసు వేస్తే పాయింట్లు లేని పట్టు వస్తుంది, కానీ చేతిలో కాపలా లేని రాణి మిగులుతుంది. రాణి వేస్తే జాకీని కొట్టి నా పట్టులోనే నేను 13 తింటాను, ఆసు మిగులుతుంది. ఆసు వేసినా ఒంటరి రాణి, చేతి నిండా పెద్ద ముక్కలు ఉన్న నాకు ఆ 13 తప్పించుకునే దారి పెద్దగా లేదు. పైగా ఇస్పేటు రాజు బయట ఉండగా ఆ రాణితో తర్వాత పట్టు గెలవడం అనుమానం. ఇప్పుడైతే ఖాయం. రాణి వేశాను.

మూన్ ఖరీదు ఎంతో ఇక్కడ లెక్కేసుకోవాలి. మొదట్లో, ఇంకా ఏ పాయింటూ పడకముందు, సంగతి ఇదీ. కొడితే ముగ్గురికీ 26, నాకు సున్నా. చివర్లో చెడితే నాకు 21 వరకు, వాళ్ళ ముగ్గురికీ కలిపి 5. జాగ్రత్తగా ఆడితే నాకు 8, వాళ్ళకి తలా 6 అనుకుందాం. ఈ మూడూ బేరీజు వేస్తే పదింటిలో దాదాపు నాలుగు సార్లు కొట్టగలననిపిస్తేనే దిగాలి. అదే రాణిని తినేశాక లెక్క మారుతుంది. ఇప్పుడు వెనక్కి తగ్గినా 16 దాకా పడేవే, చెడితే 24. అంటే కొత్తగా పోగొట్టుకునేది 8 మాత్రమే, గెలిస్తే వచ్చేది మాత్రం ముందులాగే పెద్దది. ఇక్కడ ఐదింటిలో ఒకటికి కొంచెం పైన అవకాశం ఉన్నా కొనసాగడం దండగ కాదు. రాణి పడగానే చేతులెత్తేసే వాళ్ళు సరిగ్గా మూన్ చవకైన చోట వదిలేస్తుంటారు.

చేతిలో పదకొండు ముక్కలు: ఆరు డైమన్లు, ఆఠీన్ ఆసు, రాజు, జాకీ, ఇస్పేటు ఆసు, కళావర్ రాజు. ఏ వరసలో ఆడాలి? ముందు కళావర్ రాజు, తర్వాత ఇస్పేటు ఆసు ఆడాను. రెండూ ఎలాగూ గెలిచేవే, చూసేవాళ్ళకి మాత్రం రాణి తిన్నవాడు పెద్ద ముక్కలు వదిలించుకుంటున్నట్టు కనపడుతుంది. ఆ తర్వాత డైమన్లు. ఆఠీన్లు ఆఖరికి.

ఈ వరసకి కారణం ఆఠీన్ జాకీ. అది చివరి ముక్కగా గెలవాలంటే ఆఠీన్ రాణి అంతకుముందే పోవాలి. నేను ఆసు, రాజు ఆడేటప్పుడు రాణి బతకాలంటే దాని పక్కన ఇంకో రెండు ఆఠీన్లు ఉండాలి. నేను ఎనిమిది పట్టులు వరసగా ఆడాక ఒక్కొక్కరి దగ్గర మూడే ముక్కలు మిగులుతాయి. రాణి ఉన్నవాడి చేతిలో ఆ మూడూ ఆఠీన్లే అయితేనే నన్ను ఆపగలడు. ముందే ఆఠీన్లు ఆడి ఉంటే వాడికి ఏది దాచుకోవాలో చేతికి అందించినట్టయ్యేది.

డైమన్ ఆసుకి అందరూ వేశారు. రాజుకి అందరూ వేశారు. ఇది చూడాల్సిన చోటు. రెండో డైమన్‌కే ఎవరి దగ్గరైనా రంగు లేకపోతే, వేరే ఒకరి దగ్గర నాలుగు ఉండే అవకాశం గట్టిగా ఉంది, జాకీ ఆ నాలుగులో ఉంటే నా 10 ఓడుతుంది. అప్పుడు మూడు తిప్పాక జాకీ రాకపోతే అక్కడితో ఆగి, 7 వేసి పట్టు వదిలేయాలి. 15, 18 దగ్గర బయటపడొచ్చు. ఈసారి ఆ గొడవ రాలేదు. రాణి ఆడగానే ఎదుటాయన జాకీ పడింది, కుడి ఆయన ఆఠీన్ 10 పారేశాడు.

డైమన్ 10, 8 కూడా ఆడాక అందరికీ అర్థమైంది. ఎడమాయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయన దగ్గర అప్పుడు ఆఠీన్ రాణి, 9, 5, ఇంకా కళావర్ 9 ఉన్నాయి (ఆట అయ్యాక చూపించాడు). నేను డైమన్ 7 ఆడాను. నాలుగింటిలో ఒకటి పారేయాలి. నేను ఆయనకి కళావర్ 4 పంపాను కాబట్టి, నా చేతిలో ఇంకో చిన్న కళావర్ దాక్కుని ఉందేమో, దాన్ని 9తో కొడదామని ఆయన ఊహ. నిమిషం ఆలోచించి ఆఠీన్ 5 పారేశాడు. నా ఆసుకి 9 పోయింది, రాజు మీద రాణి పడింది, జాకీ పట్టుకి కళావర్ 9 వచ్చింది. 26.

ఆయన కళావర్ 9 పారేసి ఉంటే నాకు 24కి మించి వచ్చేవి కావు, ఆయన రాణి నన్ను చివరి పట్టులో పట్టేసేది. ఇదే ఆకారంలో ఉన్న చేతితో అంతకుముందు నేను అలా దెబ్బతిన్నాను కూడా. ఇక్కడ తమాషా ఏమిటంటే నా చివరి ముక్క ఆఠీన్ జాకీ అని కుడి ఆయనకి తెలిసే అవకాశం ఉంది, పాస్ చేసింది ఆయనే కదా. నోరు విప్పకూడదు కాబట్టి మింగుడుపడకుండా కూర్చున్నాడు. మీరు ఆపేవైపు ఉన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీరు పాస్ చేసిన ముక్కల్లో ఏది ఇంకా బయటికి రాలేదో చూసుకుంటే, వాడి చివరి ముక్క ఏ రంగులో ఉందో, దేన్ని దాచుకోవాలో తెలిసిపోతుంది.

కంప్యూటర్ మీద ఆడి నేర్చుకున్నవాళ్ళకి ఒక మాట. విండోస్ ఎక్స్‌పీలో పాలీన్, మిషెల్, బెన్‌లతో ఆడిన తరం మాది. ఆ ముగ్గురి మీద నేను విచ్చలవిడిగా మూన్‌లు కొట్టేవాణ్ణి, పెద్ద ఆఠీన్ దాచుకోవాలని వాళ్ళకి తట్టినట్టే ఉండేది కాదు. మనుషులతో కూర్చున్న మొదటి నెలలో అదే ధీమాతో వెళ్ళి వారంలో మూడుసార్లు 20 దాటించుకున్నాను. మనిషి ఆపుతాడు. కాబట్టి మనుషులతో ఆడేటప్పుడు డైమన్ లాంటి పొడవైన రంగు ఒకటి తలవరస నుంచి నా చేతిలో లేకపోతే, ఆఠీన్లు ఎంత బాగున్నా మొదలెట్టను.

ఆఖరుగా స్కోరు పలక చూడకుండా మూన్ కొట్టకండి. ఎవరైనా 100కి చేరగానే ఆట అయిపోతుంది, తక్కువ ఉన్నవాడు గెలుస్తాడు. మీకు 60, ఒకరికి 76, ఇంకొకరికి 30, నాలుగో వారికి 50 ఉన్నాయనుకోండి. మీరు అద్భుతంగా మూన్ కొట్టారు. 76 ఉన్నాయన 102కి వెళ్ళి ఆట ముగిసింది, 30 ఉన్నాయన 56తో మీకంటే కిందే ఉన్నాడు. మీ మూన్‌తో మీరే ఆయన్ని గెలిపించారు. మీ ఇంటి నియమంలో మిగతావాళ్ళకి 26 కలపడానికి బదులు మీ స్కోరులోంచి 26 తీసేసుకునే వీలుంటే అప్పుడు అది తీసుకోండి, 60 కాస్తా 34 అవుతుంది, ఆట సాగుతుంది. ఆ వీలు లేకపోతే ఆ చేతిలో చివరి పట్టులో ఆఠీన్ ఒకటి కావాలని వదిలేసినా మీకు 25 పడి 85 అవుతాయి, అదీ ఒప్పదు. అలాంటి స్కోరు దగ్గర అసలు మొదలెట్టకుండా ఆ ఆఠీన్ ఆసు, రాజుల్ని 30 ఉన్నాయన వైపు పాస్ పడిన పంపకంలో వదిలించుకోవడమే సరైన ఆట. ఆసు, రాజు, రాణి మూడూ మాత్రం ఒక్కసారే పంపకండి.